సేటు మిత్తి పెరిగింది, మన ఉద్దెర తగ్గింది

రిజర్వ్ బ్యాంకు రేట్లు పెంచిందంటే అదెక్కడో బొంబాయి ముచ్చట అనుకుంటాం. అది మన ఊరిదాకా ఎట్ల వచ్చిందో చిన్న కథగా చెప్పుకుందాం.

జహీరాబాద్ బజారులో ఒక కిరాణా సేటు ఉన్నాడనుకుందాం. అల్లం, చెరకు పైసలు చేతికొచ్చేదాకా రైతులకు నూనె, పప్పు ఉద్దెర ఇస్తాడు. ఆ ఉద్దెర నడిచేది అతని 5 లక్షల బ్యాంకు అప్పు మీద. 2022 మొదట్లో నెలకు 3,750 రూపాయల మిత్తి పడేది. 2023 వేసవికల్లా అది 4,790 దాటింది. సేటు బ్యాంకుకు పోయిండు.

"సార్, ఒక్క నెల కూడా తప్పలేదు గద. మిత్తి ఎందుకు పెంచిండ్రు?"

మేనేజరు అప్పు మంజూరు కాగితం తీసి ఒక వరుస చూపించిండు. అందులో 'రెపో రేటు, దాని మీద 5 శాతం' అని ఉంది. బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు కొద్దికాలానికి అప్పిచ్చే రేటే రెపో. 2022 మే 4 దాకా అది 4 శాతం, అంటే సేటుకు 9. ఆనాటి నుంచి ఆరుసార్లు పెంచి, 2023 ఫిబ్రవరికి 6.5 చేసిండ్రు. సేటుకు 11.5 అయింది. అతని తప్పేం లేదు. ఆ కాగితంలో వడ్డీ మారుతుందనే రాసి ఉంది.

"ఎందుకు పెంచిండ్రు మరి?"

"ధరలు తగ్గించడానికి. 2022 ఏప్రిల్‌లో ధరల పెరుగుదల 7.8 శాతం దగ్గరుంది. 6 దాటనీయొద్దు. అప్పు ప్రియమైతే జనం కొనుడు తగ్గిస్తరు, ధరలు దిగుతయి."

ఈ లెక్కలో నిజం లేకపోలేదు. కానీ ఆ ఏడాది నూనె ప్రియమైంది జహీరాబాద్ జనం ఎక్కువ కొన్నందుకు కాదు. ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె రాక తగ్గింది. ఇక్కడ మిత్తి పెంచితే అక్కడి ఓడ కదలదు. ఏడాదికి 12,500 అదనపు భారం మాత్రం సేటు మీద పడింది. అతను ఉద్దెర గడువు మూడు నెలల నుంచి నెలకు కుదించిండు. పంట చేతికి రాని రైతు నూటికి రెండు రూపాయల మిత్తికి, అంటే ఏడాదికి 24 శాతానికి, బయట తెచ్చుకున్నడు. 3 లక్షల దాకా పంట రుణానికి 7 శాతమే ఉంది, అది రెపోతో కదల్లేదు. కానీ పంట రుణం కిరాణా ఖాతాకు సరిపోదు గదా.

మా అభ్యంతరం ఇంకొకటి. పెరిగినప్పుడు మూడు నెలల్లోపే సేటు ఖాతాలో కనిపించింది. 2025లో రెపోను నాలుగుసార్లు తగ్గించి డిసెంబరుకు 5.25 చేసిండ్రు. అదే కాగితం ప్రకారం సేటు మిత్తి 10.25కు, నెలకు 4,270 దగ్గరికి దిగాలె. రెపోకు ముడిపడిన అప్పుల్లో కనీసం మూడు నెలలకోసారి రేటు సవరించాలన్నది నియమం. అప్పున్న వాళ్లు కాగితంలో 'రెపో' అని ఉందా చూసుకుని, ఈ నెల పాసుబుక్కులో పడిన మిత్తిని దానితో పోల్చి చూడండి. తేడా ఉంటే శాఖలో రాతపూర్వకంగా అడిగి, ముట్టినట్టు రసీదు తీసుకోండి.