నెలవంక ఒక్కటే, ఉపవాసం రెండు రోజులా?

2024లో సౌదీలో మార్చి 11న రంజాన్ ఉపవాసాలు మొదలైతే, కాకినాడలో మనం 12న మొదలుపెట్టాం. ఎవరి లెక్క తప్పు?

మార్చి 10 మధ్యాహ్నం రెండున్నరకు అమావాస్య ఘడియ. మన ఊళ్లో ఆరు దాటాక మగ్రిబ్ వేళకు చంద్రుడి వయసు నాలుగు గంటలైనా లేదు. అంత లేత నెలవంక కంటికి ఆనదు. పైగా మనకు అది షాబాన్ 28వ రోజే. చంద్రుణ్ణి వెతికేది 29వ సాయంత్రం, అంటే మార్చి 11న. అప్పటికి ఇరవై ఏడు గంటలు నిండిన నెలవంక దేశంలో కనిపించింది. కనిపించకపోతే షాబాన్ ముప్పై పూర్తిచేసేవాళ్లం.

సౌదీలో షాబాన్ ఒకరోజు ముందే మొదలైంది కనుక 29 మార్చి 10నే వచ్చింది. అక్కడ సూర్యాస్తమయం మనకన్నా దాదాపు మూడు గంటలు ఆలస్యం. అయినా ఆరున్నర గంటల చంద్రుడు కనబడడం కష్టమని ఖగోళ లెక్క. అక్కడి సుప్రీంకోర్టు మాత్రం చూశామన్నవారి సాక్ష్యాన్ని స్వీకరించింది.

కాబట్టి తేడా అమావాస్యలో లేదు. ఏ ఊరి ఆకాశాన్ని, ఎవరి సాక్ష్యాన్ని ప్రమాణంగా తీసుకుంటామన్న దాంట్లోనే ఉంది.