కరదర్శనం మానొద్దు, వంగడం మాత్రం మానండి

పొద్దున్నే అరచేతులు చూసుకుంటే కళ్ల నరాలకు బలమని, నేలను తాకితే ఒంట్లోని విద్యుత్తు భూమిలోకి దిగిపోతుందని చెప్పే వాట్సాప్ సందేశం మీ ఇంటికీ వచ్చే ఉంటుంది. వైద్యుడిగా చెబుతున్నాను, ఈ రెండింటికీ ఆధారం లేదు. అయినా మంచం దిగకముందు చేతులు చూసుకుని లక్ష్మిని, సరస్వతిని తలచుకునేవారికి, కాలు మోపుతున్నందుకు భూదేవిని క్షమించమని అడిగేవారికి సైన్సు సర్టిఫికెట్ దేనికి? అది భక్తి, అలాగే ఉండనివ్వండి. నేను మాట్లాడేది ఆ అర నిమిషంలో ఒంట్లో జరిగే పని గురించి. అందులో మేలూ ఉంది, కొందరికి ప్రమాదమూ ఉంది.

పడుకున్న మనిషి లేచి నిలబడగానే సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు రక్తం కాళ్లలోకి, పొట్టలోకి జారుతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గి బీపీ పడబోతుంది. మెడ రక్తనాళాల్లోనూ, గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమనిలోనూ ఉండే స్పర్శకేంద్రాలు దాన్ని వెంటనే పసిగడతాయి. గుండె కాస్త వేగం పెంచుకుంటుంది, కాళ్లలోని రక్తనాళాలు బిగుసుకుంటాయి, బీపీ నిలబడుతుంది. ఆరోగ్యవంతుల్లో ఈ సర్దుబాటు అర నిమిషంలోపే అయిపోతుంది. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవారిలో, పార్కిన్సన్స్ జబ్బు ఉన్నవారిలో ఆ పని చేసే నరాలే దెబ్బతింటాయి. ఒంట్లో నీరు తగ్గించే బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, కొన్ని డిప్రెషన్ మాత్రలు కూడా దాన్ని మందగింపజేస్తాయి. ఎండాకాలం, విరేచనాలు దీనికి తోడైతే చెప్పనక్కర్లేదు. కళ్లు చీకట్లు కమ్మి మనిషి కూలబడతాడు.

ఇప్పుడు ప్రార్థన సంగతి. రెండు శ్లోకాలూ అనుష్టుప్పులే, ఒక్కోదానికి 32 అక్షరాలు. నింపాదిగా చదివితే రెండూ కలిపి అర నిమిషం. పడుకోవడానికీ నిలబడటానికీ మధ్య ఆ మాత్రం కూర్చోవడం మంచి అలవాటు. అయితే మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే కాళ్లలోకి రక్తం పెద్దగా దిగదు. అసలు పరీక్ష ఇంకా మొదలే కాలేదన్నమాట. కాళ్లు మంచం అంచు నుంచి కిందికి వేలాడేసుకుని కూర్చుంటేనే ఒళ్లు నిలబడటానికి సిద్ధమవుతుంది. పాదాలు నేలకు తగలకుండా వేలాడితే నియమమూ చెడదు. బీపీ పడే గుణం ఉన్నవారికి అర నిమిషం చాలదు, రెండు మూడు నిమిషాలు కావాలి. వాళ్లు శ్లోకాలు నాలుగైదుసార్లు చదువుకోవచ్చు.

ఈ మధ్య మా ఓపీకి వచ్చిన ఒకాయన కథ చెబుతాను. పంజాగుట్ట వైపు అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, డెబ్బైకి దగ్గర పడ్డారు. 18 ఏళ్లుగా షుగర్, బీపీ కూడా ఉంది. ప్రోస్టేట్ మాత్ర రెండు నెలల కిందట మొదలైంది. ఎప్పటిలాగే తెల్లవారుజామున లేచి, చేతులు చూసుకుని, మంచం మీద నుంచి బాగా వంగి నేలను తాకి కళ్లకద్దుకుని లేచారు. రెండడుగులు వేసేసరికి బీరువాకు తగిలి కనుబొమ పైన చీరుకుపోయింది, నాలుగు కుట్లు పడ్డాయి.

ఐదు నిమిషాలు పడుకోబెట్టి చూస్తే బీపీ 150/86. నిలబెట్టిన ఒక నిమిషానికి 122/76, మూడు నిమిషాలకు 116/72. పై అంకె 34 పడింది. నిలబడ్డాక పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే మేం దాన్ని జబ్బుగానే లెక్కేస్తాం. ఆయనలో ఇంకో గుర్తు కూడా కనిపించింది. బీపీ అంత పడినా నాడి 72 నుంచి 76కే పెరిగింది. ఒంట్లో నీరు తగ్గడమే కారణమైతే నాడి బాగా వేగం అందుకోవాలి. అందుకోలేదంటే నరాలే జవాబివ్వడం లేదని అర్థం, షుగర్ చేసిన పని అది. దాని మీద ప్రోస్టేట్ మాత్ర తోడైంది.

వాళ్లావిడ అడిగారు: "డాక్టరు గారూ, దణ్ణం పెట్టుకుంటుండగానే ఇలా అయింది. ఇక మానేయమంటారా?"

"మానక్కర్లేదమ్మా. వంగడం మాత్రం మానమనండి," అన్నాను.

చాలామంది గమనించని సంగతి ఇదే. చాప మీదో, పొట్టి నులకమంచం మీదో పడుకున్న రోజుల్లో నేల చేతికి అందేంత దూరంలోనే ఉండేది. ఇప్పటి బాక్స్ మంచం, దాని మీద పరుపు కలిపితే రెండడుగుల ఎత్తు. అక్కడి నుంచి నేలను అందుకోవాలంటే తల గుండె కన్నా కిందికి వెళ్తుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా పైకి లేస్తే, పడుకుని లేచిన దానికి ఇది రెండో కుదుపు. వయసు మీద పడినవారు మంచం పట్టెను తాకి కళ్లకద్దుకుంటే చాలు. ఆ పట్టె నిలబడి ఉన్నదీ భూమి మీదే కదా!

ఆయనకు చెప్పిన పద్ధతి ఇది. ముందు పక్కకు ఒత్తిగిలి, మోచేతి ఊతతో లేచి, కాళ్లు కిందికి వేలాడేసుకోవాలి. పాదాలను పైకీ కిందికీ పది పదిహేనుసార్లు ఆడించాలి, అప్పుడు పిక్కల కండరాలు రక్తాన్ని పైకి తోస్తాయి. ప్రార్థన ఆ తర్వాత. లేచాక మంచాన్ని పట్టుకుని ఒక నిమిషం నిలబడి అడుగు వేయాలి. తల తేలిపోయినట్టుంటే బాత్రూమ్ దాకా వెళ్లిపోదామనుకోకుండా వెంటనే కూర్చోవాలి. ప్రోస్టేట్ మాత్రను రాత్రి పడుకునే ముందుకు మార్చి, బీపీ మాత్రల్లో నీరు తగ్గించేదాన్ని తీసేశాం. మూడు వారాల తర్వాత పడుకున్నప్పుడు 146/84, నిలబడ్డాక 130/80. ఇంకా కొంత పడుతోంది, కానీ ఆయన పడటం లేదు.

రాత్రి రెండింటికి మూత్రానికి లేచేటప్పుడు ఎవరూ చేతులు చూసుకోరు. తొందర, చీకటి, సగం నిద్ర. అప్పుడు పడిపోయేవాళ్లూ ఉంటారు. ప్రోస్టేట్ మాత్ర పడుకునే ముందుకు మారితే ఆ వేళకే దాని ప్రభావం ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఇంకా జాగ్రత్త. అందుకే ఆయనకు గట్టిగా చెప్పాను, తెల్లవారుజామున చేసే ఆ నిదానం రాత్రి లేచిన ప్రతిసారీ ఉండాలని. మగవాళ్లు రాత్రిపూట కూర్చునే మూత్రానికి వెళ్లడం మేలు.

లేచినప్పుడు కాకుండా పడుకునే పక్కకు తిరిగినప్పుడు గది గిర్రున తిరిగి, అర నిమిషంలో ఆగిపోతుంటే అది బీపీ కాదు. లోపలి చెవిలోని సన్నటి స్ఫటికాలు చోటు తప్పడం. దానికి ఎంతసేపు కూర్చున్నా లాభం లేదు. తలను ఒక క్రమంలో తిప్పి సరిచేసే పద్ధతి ఉంది, ఈఎన్‌టీ డాక్టరు చేస్తారు.

ఇంట్లో బీపీ మిషన్ ఉన్నవారు ఒక పొద్దున మాత్రలు వేసుకోకముందే, పక్కన ఒకరిని ఉంచుకుని, పడుకున్నప్పుడూ, నిలబడ్డ ఒక నిమిషానికీ, మూడు నిమిషాలకూ చూసి, నాడితో సహా రాసుకోండి. తేడా ఎక్కువగా ఉంటే ఆ కాగితం, మీరు వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపొద్దు.