పేరు ఖరారు కాలేదా? ఫికర్ లేదు

"సంఘటన జరిగిన తేదీ నుండి ఇరువది యొక్క దినములలోపు సమాచారమందించని యెడల నిర్ణీత విలంబ రుసుము చెల్లింపుపై..." రేడియోలో మూడు నిమిషాల్లో చెప్పమని నాకిచ్చిన నోటీసు ఇట్లా మొదలైంది. 'సంఘటన' అంటే ఏందనుకున్నరు? బిడ్డ పుట్టడం! యాక్సిడెంటో, కొట్లాటో అనుకుంటరు వినేటోళ్లు.

మొదటి దఫా నేనే గల్తీ చేసిన. "బిడ్డ పుట్టినంక 21 రోజుల్లోపు రాయించకపోతే ముష్కిల్" అని రాసి మా ఖాలాకు చదివి వినిపించి, "నీకేం సమజైందో చెప్పు" అన్న. "అయితే మా మనవరాలికి ఇగ కాగజ్ రాదన్నట్టే గదా" అన్నదామె. మనవరాలికి అప్పటికి రెండు నెలలు. జబాన్ ఆసాన్ అయింది, మత్లబ్ ఝూటా అయింది. అట్లనే ప్రసారం చేసి ఉంటే ఎంతమంది అమ్మీలు ఉమ్మీద్ వదులుకునేటోళ్లో!

మల్లా రాసిన. 21 రోజుల్లోపు ముఫ్త్. ఐదో తారీఖున పుడితే ఇరవయ్యారో తారీఖు లోపల. అది దాటితే ముప్పై రోజుల దాకా లేటు ఫీజు కట్టాలె. ముప్పై దాటి ఏడాది లోపలైతే ఫీజుతో పాటు పై అధికారి రాతపూర్వక అనుమతి కావాలె. ఏడాది దాటితే కలెక్టరు గానీ, ఆర్డీవో గానీ, కలెక్టరు ఆ అధికారం అప్పగించిన మేజిస్ట్రేటు గానీ ఆర్డరివ్వాలె. ఆలస్యమైతే తిరుగుడు ఎక్కువ, గని దర్వాజా బంద్ కాదు. ఈ ఆఖరి మాట నోటీసులో ఎక్కడా లేదు. ఖాలాకు కావాల్సింది అదే.

ఇంకోటి నోటీసు చివర్ల దాక్కున్నది. పేరు లేకుండనే పుట్టుక నమోదు చేయించొచ్చు. మన మొహల్లాల్లో అఖీఖా అయ్యేదాకా, దుబాయి నుంచి అబ్బా ఫోన్ చేసి ఖరారు చేసేదాకా పేరుండదు. అందుకే చాలామంది ఆగిపోతరు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే దానికి ఫీజు లేదు. నేను దీన్ని ముందుకు తెచ్చి రెండుసార్లు చెప్పించిన. చెవికి వెనక్కి తిప్పి చూసుకునే పేజీ ఉండదు.

ఆఫీసు జనాబ్‌కు కోపమొచ్చింది. సెక్షన్ నంబర్లు ఏవి, గాంభీర్యం ఏదీ అని. నేను జుర్మానా అని రాసిన చోట ఆయన పట్టుకున్నది మాత్రం సహీ. జుర్మానా అంటే సజా. లేటు ఫీజు కట్టేటోడు ముజ్రిం కాదు. మార్చిన. గని 'విలంబ రుసుము' మల్లా పెట్టమంటే పెట్టలేదు. తారీఖు, దరఖాస్తు, వసూలు మీ కచేరీలోనే దినాం పలుకుతరు గదా జనాబ్, కాగితం మీదికొచ్చేసరికి అవి ఎందుకు సిగ్గుపడాలె? 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడి నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తారీఖుకు ఈ కాగజే సుబూత్. అది ఎట్ల తెచ్చుకోవాల్నో తల్లికి సమజ్ కాకుంట రాసి, గడువు దాటిందని ఆమెనే ఫీజు అడుగుతున్నరు.

ప్రసారమైన మరుసటి రోజు ఖాలా కొడుకు దరఖాస్తు పట్టుకొని పోయిండు. పేరు గడి ఖాళీగనే ఉంది.