లీటరుకు 0.6 గ్రామా, 6 గ్రాములా?

గత ఖరీఫ్‌లో మా పక్క చేను రైతు ఫోన్‌కు ఈ సందేశం వచ్చింది: "వరి సాగు చేస్తున్న రైతు సోదరులు అగ్గితెగులు నివారణకు లీటరు నీటికి 0.6 గ్రా. ట్రైసైక్లజోల్ కలిపి రేపు పిచికారీ చేయండి." చదవడానికి బాగానే ఉంది. కానీ ఆయన పాత ఫోన్‌లో అది రెండు ముక్కలైంది. మొదటి ముక్క "నీటికి 0" దగ్గర ఆగింది. రెండోది ".6 గ్రా." అని మొదలైంది. ఆ చుక్క ఆయన కంటికి ఆనలేదు. 20 లీటర్ల ట్యాంకుకు 120 గ్రాములు తూచాడు. అది ఎకరానికి సరిపోయే మందు! మందు పొట్లం మీద ఎకరా మోతాదు చూసి నేను ఆపాను.

తప్పు ఎక్కడుంది? ఇంగ్లీషులో ఒక సందేశంలో 160 అక్షరాలు పడితే, తెలుగులో 70 మాత్రమే. అంతకు మించితే ముక్కకు 67. పైగా గుణింతం, పొల్లు, ఖాళీ అన్నీ లెక్కే. "గ్రా" మనకు ఒక్క అక్షరం, ఫోన్‌కు నాలుగు. పై సందేశంలో పలకరింపుకే 31 ఖర్చయ్యాయి. మందు లెక్క సరిగ్గా ముక్క తెగే చోట పడింది.

సందేశం పంపేవారు ముందు పలకరింపు తీసేయాలి. చుక్క అవసరం లేకుండా మోతాదు రాయాలి. ఒకే పొడవు సందేశం బదులు, దేనికదే అర్థమయ్యే రెండు పంపాలి. ఇలా:

"అగ్గితెగులు: ట్రైసైక్లజోల్ 75% 10 లీ నీటికి 6 గ్రా. ఎకరాకు 120 గ్రా."

"అగ్గితెగులు మందు: ఆగస్టు 20 లోపు, సాయంత్రం, మచ్చ ఉన్న మడికే."

మొదటిది 68, రెండోది 60. రెండూ 70 లోపే. 10 లీటర్లకు 6 గ్రాములంటే 20 లీటర్ల ట్యాంకుకు 12. ఎకరాకు పది ట్యాంకులు, మొత్తం 120 గ్రాములు. ఒక అంకె తప్పు చదివినా రెండో అంకె పట్టిస్తుంది. అందుకే జాగా కోసం ఎకరా మోతాదును మాత్రం కోయకూడదు.

"రేపు" అన్న మాట కూడా ప్రమాదమే. చార్జింగ్ లేక ఫోన్ రెండు రోజులు ఆగితే సందేశం మూడో రోజు వస్తుంది. అప్పుడు "రేపు" అంటే ఏ రోజు? తేదీ రాస్తే ఆలస్యమైన సందేశమని రైతుకే తెలుస్తుంది. "15 రోజులకు మళ్లీ" అన్నా అంతే. నాటిన నాటి నుంచా, మొదటి పిచికారీ నుంచా రాయకపోతే ఒక్కొక్కరు ఒక్కోలా లెక్కేస్తారు.

మన డిమాండు చిన్నది. సలహా పంపే ఏ కార్యాలయమైనా ముందు ఒక పాత బటన్ ఫోన్‌కు పంపి, ఒక రైతుతో చదివించి, "ట్యాంకుకు ఎంత పోస్తావు, ఏ రోజు కొడతావు?" అని అడగాలి. ఆయన తడబడితే సందేశం తిరగరాయాలి. మన మండల కమిటీలు పంపే సందేశాలకూ ఇదే నియమం పెట్టుకుందాం.