శుభాశయాలు తప్పే, ‘నాయన’ తప్పు కాదు

మన ఇంటి గ్రూపులో పోయిన వారం ఒక్క వాక్యం మీద పెద్ద రగడ నడిచింది. హోసూరులో ఉండే మా తమ్ముడు, చిన్నాయన కొడుకు, వాళ్ల అమ్మానాయనల పెళ్లిరోజుకు ఇట్లా రాసినాడు:

“అమ్మ నాయన మీకు పెళ్లిరోజు శుభాశయాలు, నూరేండ్లు చల్లగా ఉండండి.”

గంట లోపల కృష్ణగిరి నుంచి ఒక పెద్దాయన దాన్ని దిద్ది పెట్టినారు: “పూజ్యులైన తల్లిదండ్రులకు వివాహ వార్షికోత్సవ హార్దిక శుభాకాంక్షలు.” కింద “తెలుగు అంటే ఇది” అని ఒక మాట కూడా. అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టేసినారు. నేను పెట్టలేదు. ఎందుకో చెప్తాను.

వాడి వాక్యంలో తప్పులు లేవని కాదు. పెద్ద తప్పు ‘శుభాశయాలు’. వాడూ నాలాగే కన్నడ మీడియంలో చదివినవాడు. కన్నడంలో ‘శుభాశయగళు’ నిఖార్సైన మాట, ప్రతి గ్రీటింగు కార్డు మీదా ఉంటుంది. దాని తోక కోసి ‘లు’ తగిలిస్తే తెలుగు అయిపోతుందని మనకు అనిపిస్తుంది. కాదు. కన్నడంలో ‘ఆశయ’ అంటే మనసులో ఉన్న ఉద్దేశం. తెలుగులో ‘ఆశయం’ అంటే సాధించాలనుకున్న లక్ష్యం. కాబట్టి చిత్తూరు వాళ్లకో విజయవాడ వాళ్లకో ‘శుభాశయాలు’ చదివితే మంచి లక్ష్యాలు అని తోస్తుంది. మనకు కావలసింది శుభ, ఆకాంక్షలు కలిసిన ‘శుభాకాంక్షలు’. అందుకే ‘భా’కు దీర్ఘం ఉండాలి; ‘శుభకాంక్షలు’ అని రాసేవాళ్లూ ఉన్నారు, అదీ తప్పే.

రెండోది పిలుపు. ఎదురుగా పిలిచేటప్పుడు ‘అమ్మా’, ‘నాయనా’ అని చివర సాగాలి. వాడు నోటితో ఎప్పుడూ సరిగ్గానే పిలుస్తాడు, రాతలోనే దీర్ఘం జారిపోయింది.

మూడోది కొంచెం సూక్ష్మం. ‘చల్లగా ఉండండి’ అనేది, మనం కాళ్లకు మొక్కినప్పుడు పెద్దవాళ్లు మనకిచ్చే దీవెన. కొడుకు అమ్మానాయనలకు అదే మాట తిప్పి ఇస్తే తానే దీవించినట్టు అవుతుంది. మన ఊళ్ల ఫ్లెక్సీల మీద చూసే ఉంటారు, ‘వాళ్త్త వయదిల్లై, వణంగుగిఱోమ్’ అని: దీవించే వయసు లేదు, మొక్కుతున్నాము అని. ఆ సంకోచం మనకూ ఉంది. కానీ దానికి మాట మొత్తం తీసెయ్యక్కరలేదు. ‘ఉండండి’ని ‘ఉండాలి’ చేస్తే చాలు, దీవెన కాస్తా కోరిక అవుతుంది.

అంతే. మూడు మార్పులు:

“అమ్మా, నాయనా, మీకు పెళ్లిరోజు శుభాకాంక్షలు, మీరిద్దరూ నూరేండ్లు చల్లగా ఉండాలి.”

‘మీరిద్దరూ’ ఒక్కటే నేను కలిపింది. అది వ్యాకరణం కోసం కాదు, పెళ్లిరోజు ఇద్దరిదీ కాబట్టి.

ఇప్పుడు పెద్దాయన వాక్యం చూడండి. అక్షరదోషం ఒక్కటీ లేదు. ‘వార్షికోత్సవం శుభాకాంక్షలు’ అని చాలామంది సున్నా వదిలేస్తారు, ఆయన సమాసంలో దాన్ని సరిగ్గా తీసేసినారు. ‘హార్దిక’కు ఒత్తు పెట్టే అలవాటూ ఆయనకు లేదు. కానీ ఎదురుగా కూర్చున్న అమ్మతో ‘తల్లిదండ్రులకు’ అంటే, ఎవరి తల్లిదండ్రులకురా అని అడుగుతుంది. అది ఎవరో మూడోమనిషి గురించి వేసిన నోటీసు. అందులో పిలుపు లేదు, ‘మీరు’ లేదు, కొడుకూ లేడు. పైగా ‘నాయన’ పోయింది. మా ఇంట్లో తాతను మా నాయన పిలిచింది ఆ మాటతోనే. అది మొరటు మాట అని ఎవరు చెప్పినారు?

నా పని సాఫ్ట్‌వేర్ టెస్టింగు. తప్పు ఏ లైన్లో ఉందో చూపించడం నా ఉద్యోగం. ప్రోగ్రాం అంతా తుడిచి వేరేది రాసి ‘సరిచేసినాను’ అంటే టీములో ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడ మాత్రం దాన్ని దిద్దడం అంటారు! తమిళనాడులో 2006 చట్టంతో తమిళం ఒకటో తరగతి నుంచి తప్పనిసరి అయినాక, ఇక్కడి పిల్లలు చాలామంది తెలుగును చెవులతోనే నేర్చుకుంటున్నారు. వాళ్లు రాసే తెలుగు నోట్లోంచి నేరుగా వస్తుంది. దాని మీద ‘పూజ్యులైన’ బోర్లిస్తే రేపు పిల్లవాడు Happy anniversary అని కొట్టి ఊరుకుంటాడు. మా తమ్ముడు ఆ రోజు ఏమీ బదులు రాయలేదు, గమనించినారా?

ఇంకొకటి. ఇదే వాక్యాన్ని స్టేటస్‌లో పెట్టేటప్పుడు ‘మా అమ్మానాయనలకు’ అనాలి. అన్నదమ్ములే ఉన్న గ్రూపులో అయితే ‘మన అమ్మానాయనలకు’. కన్నడంలో రెండింటికీ ‘నమ్మ’ ఒక్కటే కాబట్టి కన్నడ బడి పిల్లలు ఇక్కడ తడబడతారు. చెల్లెలితో ‘మా అమ్మ’ అంటే, మరి నాకెవరు అంటుంది.