వర్డ్ మీనింగ్స్ తగ్గితే నష్టమా?

ఇంగ్లిష్ నోట్‌బుక్‌లో వర్డ్ మీనింగ్స్ ఎందుకు తగ్గాయని మీలో కొందరు అడుగుతున్నారు. వారానికి ఇరవై మాటలు రాయించడం కంటే ఆరు మాటలు నోటికి రప్పించడమే మేలని నా అభిప్రాయం.

‘బారో అంటే అప్పు’ అని పదిసార్లు రాసిన పిల్లలు కూడా ‘ఐ బారోడ్ హిమ్ మై పెన్’ అంటుంటారు. తెలుగులో తీసుకున్నా అప్పే, ఇచ్చినా అప్పే. ఇంగ్లిష్‌లో తీసుకుంటే బారో, ఇస్తే లెండ్. ఈ తేడా అర్థం రాసుకుంటే తెలియదు, వాక్యంలో తెలుస్తుంది: ‘ఐ బారోడ్ ఎ సైకిల్ ఫ్రమ్ మై కజిన్ టు గో టు కోడూరు బీచ్. హి లెంట్ మి హిజ్ సైకిల్.’

సోమవారం ఈ వాక్యాలు చదివించి, పీరియడ్ చివర పుస్తకం మూయించి అడగాలి. మళ్లీ మంగళవారం, శుక్రవారం, ఆ పై శుక్రవారం అడగాలి. మరిచిపోయిన మాటను మర్నాడే మళ్లీ అడగాలి. అడిగిన ప్రతిసారీ ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి, ఎవరి దగ్గర ఏం తీసుకున్నారో ఒక్క నిమిషం మాట్లాడించాలి. అక్కడ ‘ఫ్రమ్’ జారిపోయిందంటే, డిక్టేషన్‌లో పదికి పది వచ్చినా మాట ఇంకా రానట్టే.

స్పెల్లింగ్ కోసం కొంత రాత తప్పదు. కానీ చూసి చదువుతుంటే అన్నీ వచ్చినట్టే అనిపిస్తుంది. అందుకే ఇంట్లో పుస్తకం మూసి అడగండి. వెంటనే అందించకుండా పది సెకన్లు ఆగండి. గుర్తుచేసుకోవడానికి పడే ఆ తంటాలోనే మాట నిలుస్తుంది.