స్వాగతం సరే, ఓటీపీ ఎవరి ఫోనుకు?

కొత్త క్లయింటుకు పంపే తొలి మెయిల్‌ను చాలా ఆఫీసులు శుభలేఖలా రాస్తాయి. మమ్మల్ని ఎంచుకున్నందుకు ధన్యవాదాలు, మీ ఎదుగుదలే మా లక్ష్యం, ఏ సందేహం ఉన్నా సంప్రదించండి. కింద ఆఫీసు లోగో, జతగా నాలుగు పేజీల బ్రోషరు. క్లయింటు చదివి, సంతోషించి, మూసేస్తాడు. పదో తేదీ రాత్రి తొమ్మిదింటికి ఫోన్లు మొదలవుతాయి.

విజయవాడలో పెయింట్లు, హార్డ్‌వేర్ అమ్మే ఒక షాపును ఊహించుకోండి. యజమాని పాత అకౌంటెంట్‌ను మార్చి 3వ తేదీ, సోమవారం నాడు కొత్త ఆడిటర్ ఆఫీసుకు తన జీఎస్‌టీ పని అప్పగించాడు. నెలనెలా రిటర్న్ వేసే షాపు కనుక అమ్మకాల వివరాలు చెప్పే జీఎస్‌టీఆర్-1కు 11వ తేదీ గడువు. పన్ను కట్టి వేయాల్సిన జీఎస్‌టీఆర్-3బీకి 20 దాకా వ్యవధి ఉంది. అంటే పరిచయమైన ఎనిమిది రోజులకే తొలి పరీక్ష.

ఆ పరీక్షలో తప్పించేది బిల్లులు కాదు, ఓటీపీ. రిజిస్ట్రేషన్ చేయించిన రోజున యజమాని బిజీగా ఉండి ఉంటాడు. అకౌంటెంట్ తన మొబైల్ నంబరు, తన ఈమెయిల్ ఇచ్చేసి పని కానిచ్చి ఉంటాడు. ఏళ్ల తరబడి ఎవరికీ ఇబ్బంది లేదు. ఇప్పుడు ఆ అకౌంటెంట్ మారాడు. రిటర్న్ మీద సంతకానికి బదులుగా వచ్చే ఓటీపీ, పాస్‌వర్డ్ మార్చుకోబోతే వచ్చే ఓటీపీ, రెండూ ఆయన జేబులోకే వెళుతున్నాయి. చివరి ఫీజు దగ్గర మాటపట్టింపు వచ్చి ఉంటే ఆయన ఫోన్ ఎత్తడు.

అందుకే స్వాగత మెయిల్‌ను ముందు నుంచి కాకుండా వెనక నుంచి రాయాలి. మొదటి గడువు ఎప్పుడు? దాన్ని ఆపగలిగేది ఏది? అది తేలడానికి ఎన్ని రోజులు పడుతుంది? ఈ మూడింటికి జవాబులు రాసుకుంటే మెయిల్ దానంతటదే తయారవుతుంది. మన షాపు యజమానికి 3వ తేదీ సాయంత్రం వెళ్లాల్సింది ఇలాంటిది.

"విషయం: 7వ తేదీలోగా మీ నుంచి కావలసినవి మూడు

నమస్తే అండీ. మీ జీఎస్‌టీ పని ఈ నెల నుంచి మేం చూస్తాం. మన మొదటి గడువు 11వ తేదీ.

ఒకటి: రేపు ఉదయం 11 గంటలకు మా మనిషి మీ షాపుకు వస్తారు. మీ ఎదురుగానే పోర్టల్ తెరిచి ఓటీపీ ఏ నంబరుకు వెళుతుందో చూస్తారు. పాస్‌వర్డ్ మెయిల్‌లోగానీ వాట్సాప్‌లోగానీ పంపకండి.

రెండు: గత నెల అమ్మకం బిల్లులన్నీ 6వ తేదీ సాయంత్రానికి పంపండి. రద్దయిన బిల్లులు, వాపసు వచ్చిన సరుకు తాలూకు క్రెడిట్ నోట్లు కూడా కలిపి.

మూడు: కొనుగోలు బిల్లులు, గత మూడు నెలల రిటర్న్‌ల కాపీలు 7వ తేదీకి.

8న మేం లెక్క తయారు చేసి పంపుతాం. మీరు 10వ తేదీ మధ్యాహ్నంలోగా చూసి సరే అనాలి. ఆ తర్వాతే వేస్తాం."

ఇంతే. ధన్యవాదాలు ఒక్క వాక్యంలో చెప్పినా తప్పు లేదు, కానీ దానికోసం ఓటీపీ సంగతి నాలుగో పేరాలోకి జారకూడదు. గడువుకన్నా ముందు రోజు మధ్యాహ్నం ఎందుకంటే, చివరి రాత్రి పోర్టల్ నెమ్మదించడం ఈ వృత్తిలో ఉన్నవారికి కొత్త కాదు.

ఓటీపీ పాత అకౌంటెంట్‌కే వెళుతోందని 4వ తేదీన తేలిందనుకుందాం. ఆయన సహకరిస్తే సులువు. పోర్టల్‌లో Amendment of Registration Non-Core Fields అనే చోట మొబైల్, ఈమెయిల్ మార్చుకోవచ్చు. దీనికి అధికారి ఆమోదం అక్కర్లేదు. సహకరించకపోతే యజమాని గుర్తింపు పత్రం, వ్యాపారం తనదేనని చూపే కాగితాలు పట్టుకుని తన పరిధిలోని జీఎస్‌టీ అధికారి దగ్గరకు వెళ్లాలి. ఇలా చిక్కుకుపోయిన వ్యాపారులు ఎక్కువ కావడంతో 2018లోనే ఈ ఏర్పాటు చేశారు. అధికారి కాగితాలు సరిచూసి కొత్త నంబరు, మెయిల్ నమోదు చేసి పాస్‌వర్డ్‌ను మార్పిస్తారు. అయితే అధికారి సెలవులో ఉండొచ్చు, మధ్యలో ఆదివారం రావచ్చు. ఈ సంగతి 4న తెలిస్తే సమయం ఉంది. 10న తెలిస్తే లేదు.

గడువు తప్పితే ఏమవుతుందో కూడా మెయిల్‌లో ఒక్క మాట ఉండాలి. ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలే కనుక చాలామంది లెక్కచేయరు. అసలు దెబ్బ వేరే ఉంది. షాపు జీఎస్‌టీఆర్-1 వేయకపోతే అక్కడ రంగులు కొన్న కాంట్రాక్టరుకు ఆ బిల్లు 14న తయారయ్యే జీఎస్‌టీఆర్-2బీలో కనిపించదు. ఆయనకు ఆ నెల పన్ను మినహాయింపు దక్కదు. పైగా ఈ రిటర్న్ వేయనిదే జీఎస్‌టీఆర్-3బీ వేయనివ్వరు. బకాయి ఆపేస్తానని కాంట్రాక్టరు ఫోన్ చేసేది ఆడిటర్‌కు కాదు, షాపు యజమానికి.

ఇదే సూత్రం మన యజమాని కొన్న సరుకుకూ వర్తిస్తుంది. ఆయన 2 లక్షల రూపాయల రంగులు కొన్నాడు. 18 శాతం చొప్పున 36,000 పన్ను చెల్లించాడు. బిల్లు చేతిలో ఉంది. కానీ నెలనెలా రిటర్న్ వేసే ఆ డీలరు 11లోగా వేయలేదు. అప్పుడు ఈ నెల ఆ 36,000 తగ్గించుకోవడం కుదరదు, ఆ మేరకు జేబులోంచి కట్టాలి. ఈ మాట 20న చెబితే కొత్త ఆడిటర్ చేతకానివాడవుతాడు. మొదటి మెయిల్‌లోనే "పన్ను ఎంతో 16వ తేదీకి గానీ చెప్పలేం, బిల్లు ఉన్నంత మాత్రాన తగ్గదు" అని రాసి ఉంటే అదే యజమాని డీలరుకు తానే ఫోన్ చేస్తాడు. మొదటి వారంలో ఏం జరుగుతుందో చెప్పడం ఎంత అవసరమో, ఏం జరగదో చెప్పడమూ అంతే అవసరం.

ఇక ఎవరిని సంప్రదించాలన్నది. హోదాలు రాస్తే యజమానికి అర్థం కాదు. సీనియర్ అసోసియేట్ అంటే ఆయనకేం తెలుస్తుంది? పని పేరు రాయాలి. బిల్లులు పంపడానికి ఈ నంబరు, నోటీసు వస్తే ఈ నంబరు, ఈ ఇద్దరూ పలకకపోతే ఆడిటర్ గారి నంబరు. మూడుకు మించొద్దు. ఒక్కో నంబరు పక్కన ఏ వేళల్లో పలుకుతారో రాయాలి. షాపు వైపు నుంచి కూడా ఒక పేరు అడిగి తీసుకోవాలి. యజమాని, ఆయన తమ్ముడు, కౌంటర్‌లో కుర్రాడు, ముగ్గురూ తలా కొన్ని బిల్లులు పంపితే ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కుతుంది, మరొకటి అసలు ఎక్కదు.

చివరగా ఒక హెచ్చరిక. ఫీజు కట్టాల్సిన బ్యాంకు ఖాతా నంబరు మారిందని మెయిల్ వస్తే నమ్మవద్దని, ఇక్కడిచ్చిన నంబరుకు ఫోన్ చేసి అడగమని మొదటి రోజే రాసిపెట్టాలి. మోసగాడు రాసే మెయిల్‌లో కూడా మర్యాదకు లోటుండదు.

మెయిల్ పంపగానే పని అయిపోయిందనుకోకూడదు. అందులో ఉన్నది అర్థమైందో లేదో తెలుసుకోవడానికి మర్నాడు ఒక్క ప్రశ్న చాలు: "మన మొదటి తారీఖు ఎప్పుడండీ?" యజమాని "పదకొండు" అంటే ఫరవాలేదు. "ఏ తారీఖు?" అన్నాడంటే మీరు పంపింది శుభలేఖే.